స్టాండర్డ్ కాస్టింగ్ జర్నల్ ఎంట్రీలు, నెలాఖరులో వేరియన్స్‌ల ముగింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

సీఎంఏ, సీఏ ఇంటర్ చదివేవాళ్ల దగ్గర్నుంచి ఫ్యాక్టరీ అకౌంట్స్ చూసేవాళ్ల దాకా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. వేరియన్స్ లెక్కగట్టడం చాలామందికి వచ్చు. దాన్ని ఏ ఖాతాలో రాయాలి, నెల తిరిగేసరికి ఆ ఖాతాను ఎక్కడికి పంపాలి అన్న దగ్గరే చిక్కుపడతారు. అందుకే అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లొచ్చు.

ఉదాహరణ ఇది: ఒక ప్లాస్టిక్ కుర్చీల యూనిట్. ఒక కుర్చీకి స్టాండర్డ్ ప్రకారం 2.5 కిలోల గ్రాన్యూల్స్ (కిలో ₹100), అరగంట కూలి (గంటకు ₹100), అరగంట స్థిర ఓవర్‌హెడ్ (గంటకు ₹120). అంటే 250 + 50 + 60 = ₹360. మామూలుగా నెలకు 2,200 కుర్చీలు చేస్తారు. జూన్‌లో 2,000 చేశారు, 1,600 అమ్మారు. నెల మొదట్లో ఏ స్టాకూ లేదు, నెలాఖరున సగంలో ఆగిన కుర్చీలూ లేవు.

## మొదలుపెట్టే ముందు

సింగిల్ ప్లాన్, పార్షియల్ ప్లాన్ అంటారు కదా, రెండింటికీ ఎంట్రీల్లో తేడా ఏమిటి?

వేరియన్స్ ఎప్పుడు బయటపడుతుందన్నదే తేడా. పార్షియల్ ప్లాన్‌లో వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ఖాతాకు అసలు ఖర్చు డెబిట్ చేస్తారు. పూర్తయిన సరుకును స్టాండర్డ్ ధరకు క్రెడిట్ చేస్తారు. రెండింటి తేడా నెలాఖరు దాకా ఆ ఖాతాలోనే కలగలిసి ఉంటుంది, తర్వాత విడదీసి చూసుకోవాలి. సింగిల్ ప్లాన్‌లో వర్క్ ఇన్ ప్రోగ్రెస్‌కు డెబిట్ కూడా స్టాండర్డ్‌లోనే పడుతుంది. తేడా ఎక్కడ పుడితే అక్కడే, ఆ రోజే, దాని పేరున్న వేరియన్స్ ఖాతాలోకి వెళ్తుంది.

ఫ్యాక్టరీలో వాడకానికి నేను సింగిల్ ప్లాన్‌నే ఎంచుకుంటాను. ధర తేడా కొనుగోలు బిల్లు రోజే కనిపిస్తే పర్చేజ్ మేనేజర్‌ని అడగొచ్చు. నెల గడిచాక అడిగితే ఆయనకు ఆ బిల్లే గుర్తుండదు. ఈ పేజీలోని ఎంట్రీలన్నీ సింగిల్ ప్లాన్‌వే.

వేరియన్స్ ఖాతాకు డెబిట్ ఎప్పుడు, క్రెడిట్ ఎప్పుడు?

ప్రతికూలమైతే డెబిట్, అనుకూలమైతే క్రెడిట్. ఇది బట్టీ పట్టాల్సిన అవసరం లేదు. స్టాక్ వైపు స్టాండర్డ్ మొత్తమే పడుతుంది, సప్లయర్‌కో కూలీలకో ఇచ్చేది మాత్రం అసలు మొత్తం. ఎక్కువ ఇస్తే ఆ ఎక్కువకు ఎక్కడో ఒకచోట డెబిట్ కావాలి, అదే వేరియన్స్ ఖాతా. తక్కువ ఇస్తే మిగిలింది క్రెడిట్ అవుతుంది.

## కొనుగోలు దశ

మెటీరియల్ ధర తేడాను కొన్నప్పుడు రాయాలా, వాడినప్పుడు రాయాలా?

రెండూ చెల్లుతాయి. కాకపోతే సింగిల్ ప్లాన్‌లో కొన్నప్పుడే రాయడం మేలు, స్టోర్స్ లెడ్జర్ మొత్తం ఒకే ధరలో నడుస్తుంది. జూన్‌లో 6,000 కిలోలు ₹104 చొప్పున కొన్నారు. స్టాండర్డ్ ₹100.

- డెబిట్: స్టోర్స్ ₹6,00,000
- డెబిట్: మెటీరియల్ ధర వేరియన్స్ ₹24,000
- క్రెడిట్: సప్లయర్ ₹6,24,000

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ ₹24,000 కొన్న 6,000 కిలోల మీద వచ్చింది, వాడిన కిలోల మీద కాదు. అందులో స్టోర్స్‌లో ఇంకా బస్తాల్లో ఉన్న సరుకు వాటా కూడా ఉంది. కాబట్టి నెలాఖరులో మొత్తం జూన్ నష్టంగా చూపిస్తే, ఇంకా వాడని సరుకు ధర కూడా జూన్ మీదే వేసినట్టవుతుంది.

ధరలో జీఎస్టీ, లారీ కిరాయి కలపాలా?

క్రెడిట్ దొరికే జీఎస్టీ ఖర్చు కాదు. స్టాండర్డ్‌లోనూ రాకూడదు, వేరియన్స్‌లోనూ రాకూడదు. లారీ కిరాయి మాత్రం సరుకు ఖరీదులో భాగమే, కనుక స్టాండర్డ్ కట్టేటప్పుడే కలపాలి. కిరాయి లేకుండా ₹100 అని పెట్టి, బిల్లు వచ్చాక కిరాయి కలిపి పోల్చే యూనిట్లు ఉన్నాయి. అక్కడ ధర వేరియన్స్ ప్రతి నెలా దాదాపు ఒకే మొత్తంలో ప్రతికూలంగా వస్తుంది. అలా కనిపిస్తే సప్లయర్‌తో బేరమాడే ముందు స్టాండర్డ్ షీట్ తీసి చూడండి.

## ఉత్పత్తి దశ

స్టాండర్డ్ కన్నా ఎక్కువ మెటీరియల్ వాడితే ఎంట్రీ ఎలా?

చేసిన కుర్చీలకు ఎంత కావాలో అంతే వర్క్ ఇన్ ప్రోగ్రెస్‌కు వెళ్తుంది. 2,000 కుర్చీలకు 5,000 కిలోలు చాలు. స్టోర్స్ నుంచి వెళ్లింది 5,150. మిగతా 150 కిలోలూ వాడకం వేరియన్స్.

- డెబిట్: వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ₹5,00,000
- డెబిట్: మెటీరియల్ వాడకం వేరియన్స్ ₹15,000
- క్రెడిట్: స్టోర్స్ ₹5,15,000

వాడకం తేడాను స్టాండర్డ్ ధరతోనే గుణించాలి, ₹104తో కాదు. అలా చేస్తే ధర తేడా రెండుసార్లు పడుతుంది.

ఎంట్రీ రాసిన రోజే ఆ 150 కిలోలు ఏమయ్యాయో నేరేషన్‌లో రాసిపెట్టండి. కుర్చీల మౌల్డింగ్‌లో సరిగ్గా నిండని కుర్చీని పొడి చేసి మళ్లీ కలుపుకుంటారు, అది పెద్ద నష్టం కాదు. మన ఉదాహరణలో మాత్రం హీటర్ కంట్రోల్ పాడై గ్రాన్యూల్స్ బ్యారెల్‌లోనే మాడి గడ్డకట్టాయి. తిరిగి వాడడానికి పనికిరాలేదు, స్క్రాప్‌గానూ ఏమీ రాలేదు. నెలాఖరులో ఈ ₹15,000 ఎటు వెళ్లాలో తేల్చేది ఈ కారణమే.

కూలికి రేటు వేరియన్స్, సామర్థ్యం వేరియన్స్ రెండూ ఒకే ఎంట్రీలో రాయొచ్చా?

రాయొచ్చు. 2,000 కుర్చీలకు స్టాండర్డ్ 1,000 గంటలు. పట్టింది 1,040 గంటలు, ఇచ్చింది గంటకు ₹95, మొత్తం ₹98,800. రేటులో 1,040 × 5 = ₹5,200 అనుకూలం. సామర్థ్యంలో 40 × 100 = ₹4,000 ప్రతికూలం.

- డెబిట్: వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ₹1,00,000
- డెబిట్: కూలి సామర్థ్య వేరియన్స్ ₹4,000
- క్రెడిట్: కూలి రేటు వేరియన్స్ ₹5,200
- క్రెడిట్: వేతనాల కంట్రోల్ ₹98,800

రెండూ కలిపి నికరంగా ₹1,200 అనుకూలం అని ఒకే ఖాతాలో వేయకండి. కొత్త కుర్రాళ్లను తక్కువ కూలికి పెట్టుకుంటే రేటు తగ్గుతుంది, గంటలు పెరుగుతాయి. విడిగా రాస్తేనే ఆ సంబంధం కనిపిస్తుంది.

స్థిర ఓవర్‌హెడ్‌కు రెండు వేరియన్స్‌లు ఎందుకు?

ఖర్చు పెరగడం వేరు, యంత్రం ఖాళీగా ఉండడం వేరు కాబట్టి. నెల బడ్జెట్ ₹1,32,000, అంటే 2,200 కుర్చీలకు 1,100 గంటలు, గంటకు ₹120. అసలు ఖర్చు ₹1,35,000. కుర్చీలకు ఎక్కింది 1,000 స్టాండర్డ్ గంటలకు ₹1,20,000.

- డెబిట్: వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ₹1,20,000
- డెబిట్: ఓవర్‌హెడ్ ఖర్చు వేరియన్స్ ₹3,000
- డెబిట్: ఓవర్‌హెడ్ పరిమాణ వేరియన్స్ ₹12,000
- క్రెడిట్: స్థిర ఓవర్‌హెడ్ కంట్రోల్ ₹1,35,000

పరిమాణ వేరియన్స్‌లోని ₹12,000 అదనంగా చెల్లించిన డబ్బు కాదు. 200 కుర్చీలు తక్కువ చేయడం వల్ల ఏ కుర్చీకీ ఎక్కని అద్దె, తరుగుదల, సూపర్‌వైజర్ జీతం అది.

నెలాఖరున సగంలో ఆగిన పని ఏమీ లేదు, అయినా వర్క్ ఇన్ ప్రోగ్రెస్‌లో బ్యాలెన్స్ మిగిలింది. ఎందుకు?

ఏదో ఒక వేరియన్స్ ఎంట్రీ తప్పిపోయిందన్నమాట. ఆ మిగిలిన అంకెను చూస్తే ఏదో తెలిసిపోతుంది. స్టోర్స్ క్లర్క్ 5,150 కిలోలనూ నేరుగా వర్క్ ఇన్ ప్రోగ్రెస్‌కు వేస్తే, సరిగ్గా ₹15,000 డెబిట్ బ్యాలెన్స్ మిగులుతుంది. దాన్ని స్టాండర్డ్ ధరతో భాగించి చూడండి. 150 కిలోలు అని గుండు సంఖ్య వచ్చిందంటే అది మెటీరియల్ వాడకమే. క్రెడిట్ బ్యాలెన్స్ ₹360కి గుణిజంగా ఉంటే, కుర్చీలను ఎక్కువగా లెక్కవేసి గోడౌన్‌కు పంపినట్టు రాశారని ముందు అనుమానించాలి.

అది పట్టుకోకపోతే, లేని సరుకు బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తిగా కూర్చుంటుంది. నెలాఖరున షాప్ ఫ్లోర్‌లో సగం తయారైన సరుకును చేత్తో లెక్కపెట్టి, స్టాండర్డ్‌తో గుణించి, లెడ్జర్‌తో సరిచూడడం ఒక్కటే దీనికి మందు.

## గోడౌన్, అమ్మకం

తయారైన సరుకు గోడౌన్‌కు వెళ్లేటప్పుడు, అమ్మేటప్పుడు ఖర్చు వైపు వేరియన్స్ రాదా?

రాదు. అప్పటికే అన్నీ స్టాండర్డ్‌లో ఉన్నాయి. 2,000 కుర్చీలు గోడౌన్‌కు వెళ్లాయి:

- డెబిట్: తయారైన సరుకు ₹7,20,000
- క్రెడిట్: వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ₹7,20,000

1,600 అమ్ముడుపోయాయి:

- డెబిట్: అమ్మిన సరుకు ఖరీదు ₹5,76,000
- క్రెడిట్: తయారైన సరుకు ₹5,76,000

గోడౌన్‌లో 400 కుర్చీలు, ₹1,44,000 మిగిలాయి. అమ్మకపు ధరలో వచ్చే తేడా రిపోర్టులో చూపించుకునేది, ఈ ఖాతాల్లోకి రాదు.

## నెలాఖరు, సంవత్సరాంతం

వేరియన్స్‌లన్నీ తీసి లాభనష్టాల ఖాతాలో వేసేస్తే సరిపోదా?

మొత్తాలు చిన్నవైతే సరిపోతుంది, చాలా యూనిట్లు చేసేది అదే. జూన్‌లో ప్రతికూలాలు: ధర 24,000, వాడకం 15,000, కూలి సామర్థ్యం 4,000, ఓవర్‌హెడ్ ఖర్చు 3,000, పరిమాణం 12,000, మొత్తం ₹58,000. అనుకూలం కూలి రేటు ₹5,200. నికరంగా ₹52,800 ప్రతికూలం.

- డెబిట్: లాభనష్టాల ఖాతా ₹52,800
- డెబిట్: కూలి రేటు వేరియన్స్ ₹5,200
- క్రెడిట్: మిగతా ఐదు వేరియన్స్ ఖాతాలు ₹58,000

అన్ని ఖాతాలూ సున్నా అయ్యాయి. అయితే స్టాక్ స్టాండర్డ్ ధరలోనే మిగిలింది. స్టాక్ విలువకు స్టాండర్డ్ కాస్ట్ వాడుకోవచ్చని ఏఎస్ 2, ఇండ్ ఏఎస్ 2 రెండూ ఒప్పుకుంటాయి, కానీ అది అసలు ఖర్చుకు దగ్గరగా ఉండాలన్నది షరతు. స్టాండర్డ్‌ను క్రమం తప్పకుండా సరిచూసుకోమని కూడా అంటాయి. వేరియన్స్ పెద్దదయ్యేకొద్దీ ఈ షరతు తప్పుతుంది. అప్పుడు పంచక తప్పదు.

వేరియన్స్‌ను స్టాక్‌కు, అమ్మిన సరుకుకు పంచాలంటే ఎలా? అన్నిటినీ ఒకే నిష్పత్తిలో పంచవచ్చా?

ఒకే నిష్పత్తి పెడితే లెక్క తొందరగా అవుతుంది, కానీ తప్పు చోట పడుతుంది. ఒక్కో వేరియన్స్ దగ్గర ఒకే ప్రశ్న వేసుకోండి: ఆ కిలోలు, ఆ గంటలు ఇప్పుడు ఎక్కడున్నాయి?

ధర వేరియన్స్‌తో మొదలుపెడదాం. 6,000 కిలోల మీద కిలోకు ₹4. అందులో 850 కిలోలు స్టోర్స్‌లో ఉన్నాయి, వాటికి ₹3,400. మాడిపోయిన 150 కిలోలకు ₹600. కుర్చీలైన 5,000 కిలోలకు ₹20,000. కుర్చీల్లో 80 శాతం అమ్ముడుపోయాయి కనుక ₹16,000 అమ్మిన సరుకుకు, ₹4,000 గోడౌన్‌లోని 400 కుర్చీలకు. కొన్నప్పుడే రాసిన ధర వేరియన్స్‌లో స్టోర్స్ వాటా మర్చిపోవడం పరీక్షల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ ఎక్కువగా జరిగే పొరపాటు.

వాడకం వేరియన్స్ ₹15,000 యంత్రం పాడవడం వల్ల వచ్చిన అసాధారణ నష్టం. అసాధారణ వృథాను స్టాక్ విలువలో కలపకూడదని ప్రమాణాల్లోనే ఉంది. కనుక దీనికి ₹600 కలిపి ₹15,600 నేరుగా లాభనష్టాలకు.

కూలి నికరంగా ₹1,200 అనుకూలం, మామూలు పనిలో వచ్చిందే. కాబట్టి ₹960 అమ్మిన సరుకు నుంచి, ₹240 గోడౌన్ కుర్చీల నుంచి తగ్గించాలి.

పరిమాణ వేరియన్స్ ₹12,000ను పంచకూడదు. ఉత్పత్తి తగ్గినందుకు మిగిలిపోయిన స్థిర ఓవర్‌హెడ్ ఆ నెల ఖర్చే. తక్కువ చేసినందుకు కుర్చీ ఖరీదు పెరిగిందని చూపించడానికి ప్రమాణాలు ఒప్పుకోవు. ఓవర్‌హెడ్ ఖర్చు వేరియన్స్ ₹3,000లో కచ్చితంగా లెక్కవేస్తే గోడౌన్ వాటా సుమారు ₹545 వస్తుంది. చిన్న మొత్తమే కనుక మొత్తం ఖర్చులోనే వేశాను.

- డెబిట్: స్టోర్స్ వేరియన్స్ సర్దుబాటు ₹3,400
- డెబిట్: తయారైన సరుకు వేరియన్స్ సర్దుబాటు ₹3,760
- డెబిట్: అమ్మిన సరుకు ఖరీదు ₹15,040
- డెబిట్: లాభనష్టాల ఖాతా ₹30,600
- డెబిట్: కూలి రేటు వేరియన్స్ ₹5,200
- క్రెడిట్: ధర 24,000, వాడకం 15,000, సామర్థ్యం 4,000, ఖర్చు 3,000, పరిమాణం 12,000

అన్నీ జూన్‌కే వేస్తే ఖర్చు ₹52,800 అయ్యేది, పంచితే ₹45,640 అయింది. మధ్యనున్న ₹7,160 స్టాక్‌లో ఉంది.

పంచింది సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

స్టాక్‌ను అసలు ఖర్చుతో మొదటినుంచి కట్టి చూడండి. స్టోర్స్‌లో 850 కిలోలు ₹104 చొప్పున ₹88,400. లెడ్జర్‌లో 85,000 + 3,400, అంతే వచ్చింది. గోడౌన్‌లోని 400 కుర్చీలకు మెటీరియల్ 1,000 కిలోలు ₹1,04,000, అసలు కూలిలో అయిదో వంతు ₹19,760, ఓవర్‌హెడ్ స్టాండర్డ్ రేటులో ₹24,000, మొత్తం ₹1,47,760. లెడ్జర్‌లో 1,44,000 + 3,760, అదే మొత్తం. ఈ రెండు అంకెలు కాగితం మీద పెడితే ఆడిటర్ అడగబోయే ప్రశ్నల్లో చాలావరకు అక్కడే తీరిపోతాయి.

వేరియన్స్ అనుకూలమైతే పంచకుండా లాభంలో వేసుకోవచ్చా?

పెద్ద మొత్తమైతే కుదరదు. గ్రాన్యూల్స్ ₹100కి బదులు ₹90కే దొరికాయనుకోండి. స్టోర్స్‌లో 850 కిలోలు ₹85,000 అని చూపిస్తే, కొన్నదానికన్నా ₹8,500 ఎక్కువ చూపించినట్టే. అమ్మకముందే లాభం రాసుకున్నట్టు. పరిమాణ వేరియన్స్ అనుకూలంగా వచ్చినా ఇదే జాగ్రత్త: ఉత్పత్తి అసాధారణంగా పెరిగిన నెలలో యూనిట్‌కు స్థిర ఓవర్‌హెడ్ తగ్గించాలి, లేకపోతే స్టాక్ అసలు ఖర్చుకు మించిపోతుంది. ప్రతికూల పరిమాణ వేరియన్స్ స్టాక్‌కు వెళ్లదు, అనుకూలమైనది స్టాక్‌ను తగ్గిస్తుంది. ఈ రెండూ ఒకేలా నడవవు, అందుకే చాలామంది తడబడతారు.

ఈ నెల ప్రతికూలం వచ్చే నెలల్లో సర్దుకుంటుంది కదా, సంవత్సరాంతం దాకా ఖాతాలోనే ఉంచొచ్చా?

లోపలి రిపోర్టుల కోసమైతే ఏడాది పొడవునా ఖాతాలో పోగుచేసుకోవచ్చు, మార్చి 31న మూస్తే సరి. బయటకు ఇచ్చే త్రైమాసిక ఫలితాల్లో అలా కుదరదు. సంవత్సరాంతంలో ఎంతవరకు ఖర్చుగా చూపిస్తారో, మధ్యకాలపు రిపోర్టులోనూ అంతే చూపించాలని, తర్వాత సర్దుకుంటుందని వాయిదా వేయకూడదని ఇండ్ ఏఎస్ 34 ఉదాహరణల్లో ఉంది. అమెరికా పద్ధతిలో, ముందే ప్రణాళికలో ఉండి ఏడాదిలోపు సర్దుకుంటాయనుకున్న వేరియన్స్‌లను మధ్యకాలపు రిపోర్టుల్లో వాయిదా వేసే వీలుంది. అమెరికా కంపెనీల పుస్తకాలు ఇక్కడి నుంచి చూసేవాళ్లు ఏ పద్ధతిలో ఉన్నారో ముందే తెలుసుకోవాలి.

## కొత్త నెల

స్టాక్‌లో కలిపిన వేరియన్స్ వాటాను వచ్చే నెల ఏం చేయాలి?

మొదటి తేదీన వెనక్కి తిప్పాలి. లేకపోతే జూలైలో 400 కుర్చీలు ₹360 చొప్పున బయటకు వెళ్లిపోయినా, వాటికి కలిపిన ₹3,760 గోడౌన్ ఖాతాలోనే వేలాడుతుంది. కుర్చీలుండవు, విలువ మాత్రం ఉంటుంది. అందుకే వాటాను అసలు స్టాక్ ఖాతాలో కలపకుండా సర్దుబాటు ఖాతాలో వేరుగా పెట్టుకోవాలి. జూలై 1న:

- డెబిట్: మెటీరియల్ ధర వేరియన్స్ ₹7,400
- క్రెడిట్: కూలి రేటు వేరియన్స్ ₹240
- క్రెడిట్: స్టోర్స్ సర్దుబాటు ₹3,400
- క్రెడిట్: తయారైన సరుకు సర్దుబాటు ₹3,760

జూలై చివర ఈ పాత వాటా, కొత్త వేరియన్స్‌తో కలిపి, మళ్లీ ఉన్న స్టాక్‌ను బట్టి పంచబడుతుంది. జూలై పనితీరు రిపోర్టులో మాత్రం ఈ ₹7,400ను విడిగా చూపించండి. పాత నెల తేడాకు కొత్త నెల పర్చేజ్ మేనేజర్‌ని నిలదీస్తే ఆయన ఇక ఏ రిపోర్టునూ నమ్మడు.

స్టాండర్డ్ ధర మార్చాం. స్టోర్స్‌లో ఉన్న పాత సరుకు తేడాను ధర వేరియన్స్‌లో వేయాలా?

వద్దు. స్టాండర్డ్ ₹100 నుంచి ₹105కు మారితే, చేతిలో ఉన్న 850 కిలోల విలువ లెడ్జర్‌లో ₹4,250 పెరుగుతుంది. ఇది ఎవరూ ఎక్కువకు కొన్నందువల్ల, తక్కువకు కొన్నందువల్ల రాలేదు. మనం అంకె మార్చినందువల్ల వచ్చింది.

- డెబిట్: స్టోర్స్ ₹4,250
- క్రెడిట్: స్టాండర్డ్ మార్పు సర్దుబాటు ₹4,250

పాత స్టాక్ నిజంగా ₹104కు కొన్నదే అయితే, అసలు ఖర్చు ₹88,400, కొత్త స్టాండర్డ్‌లో ₹89,250. బ్యాలెన్స్ షీట్ రోజున ఆ ₹850 ఎక్కువను స్టాక్ నుంచి తగ్గించాలి. ఈ క్రెడిట్‌ను ధర వేరియన్స్‌లో కలిపేస్తే ఆ నెల కొనుగోళ్లు బాగా జరిగినట్టు కనిపిస్తుంది, రెండో నెలలో అసలు రంగు బయటపడుతుంది. స్టాండర్డ్ మార్చేది ఏప్రిల్ 1నే పెట్టుకుంటే ఈ లెక్క ఏడాదికి ఒక్కసారే వస్తుంది. గ్రాన్యూల్స్‌లాగా క్రూడ్ ధరతో పాటు ఊగే సరుకుకు మాత్రం మూడు నెలలకోసారి మార్చుకోవడమే నయం.